సెల్‌ఫోన్ తెర – రెండు హెర్ట్జ్‌ల కథ

మన హాస్టల్లో రాత్రి పదింటికి డార్మిటరీ లైట్లు ఆర్పేస్తారు. ఆ తర్వాత మంచాల మీద దుప్పట్ల కింద చిన్న చిన్న వెలుగులు మొదలవుతాయి. పక్క మంచం వాళ్ళకు ఇబ్బంది కలగకూడదని అందరం తెర వెలుగును బాగా తగ్గించి పెట్టుకుంటాం. మెటీరియల్ అంతా పి.డి.ఎఫ్.లలోనే ఉంటోంది కాబట్టి ఒకటి, రెండు గంటలు అలాగే చదువుతాం. ఉదయం కొందరికి ఏమీ ఉండదు. కొందరికి మాత్రం కణతలు లాగుతుంటాయి, కళ్ళు మండుతుంటాయి.

ఈ మధ్య చెల్లెళ్ళు నన్ను తరచుగా మూడు ప్రశ్నలు అడుగుతున్నారు. "అక్కా, ఎల్.సి.డి. కొనమంటావా, ఓ.ఎల్.ఇ.డి. కొనమంటావా?", "120 హెర్ట్జ్ పెడితే చార్జింగ్ తొందరగా అయిపోతుందా?", "120 హెర్ట్జ్ అయితే కళ్ళకు మంచిదని షాపతను చెప్పాడు, నిజమేనా?" మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటిదాన్ని. ఫోన్ కొనేముందు ఇలాంటివి అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. మీలో చాలామంది ఇళ్ళలోనూ అంతే. అమ్మానాన్నల కూలి డబ్బుతోనో, స్కాలర్‌షిప్ డబ్బుతోనో కొనే ఫోన్ మూడు నాలుగేళ్ళు నడవాలి. అందుకే ఎం.ఎస్సీ. ఫిజిక్సులో నేర్చుకున్నది కొంత ఇక్కడ రాస్తున్నాను.

మూడో ప్రశ్నకు జవాబు ముందే చెబుతాను. ఫోన్ డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే 120 హెర్ట్జ్‌కూ, మీ తలనొప్పికీ దాదాపు సంబంధం లేదు. కళ్ళను ఇబ్బంది పెట్టగల హెర్ట్జ్ వేరే ఉంది. అది చాలా ఫోన్ల డబ్బాల మీద ఉండదు. ఈ రెండింటినీ విడదీసి చూడటమే ఈ వ్యాసం పని.

వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది?

ముందు తెరలను అర్థం చేసుకుందాం. ఎల్.సి.డి. తెరలోని పిక్సెల్‌కు సొంత వెలుగు లేదు. వెనకాల తెల్లటి ఎల్.ఇ.డి. దీపాలు ఎప్పుడూ వెలుగుతుంటాయి. దానినే బ్యాక్‌లైట్ అంటారు. ముందున్న ద్రవ స్ఫటికాలు కిటికీ రెక్కల్లా పనిచేస్తాయి. తెలుపు కావలసిన చోట వెలుగును వదులుతాయి, నలుపు కావలసిన చోట ఆపుతాయి. తెర మొత్తం నల్లగా ఉన్నా వెనకాల దీపం వెలుగుతూనే ఉంటుంది. గదిలో లైటు వేసి కిటికీలు మూసినట్లు అనుకోండి. బయటి వాళ్ళకు చీకటి, మీటరు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. రెక్కల సందుల నుంచి కొంత వెలుగు కారుతుంది కూడా. అందుకే చీకట్లో ఎల్.సి.డి. తెర మీది నలుపు కాస్త బూడిద రంగులో కనిపిస్తుంది.

ఓ.ఎల్.ఇ.డి. తెరలో వెనక దీపం లేదు. ప్రతి పిక్సెల్ తనే వెలుగుతుంది. పలుచని సేంద్రియ పదార్థపు పొరలలో కరెంటు ప్రవహిస్తే వెలుగు వస్తుంది. తక్కువ వోల్టేజీతో బాగా వెలిగే ఇటువంటి పొరలను కొడాక్ సంస్థలో పనిచేసిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1987లో ప్రకటించారు. ఇందులో నలుపు అంటే ఆ పిక్సెల్‌ను ఆర్పేయడమే. ఆరిన పిక్సెల్ వెలుగు కోసం కరెంటు తీసుకోదు. షాపుల్లో 'అమోలెడ్' అని చెప్పేది కూడా ఈ రకమే.

నల్ల పేజీతో ఎంత మిగులుతుంది?

ఇక్కడి నుంచే "డార్క్ మోడ్ పెడితే చార్జింగ్ మిగులుతుంది" అనే మాట పుట్టింది. ఎల్.సి.డి. ఫోన్ ఉన్నవాళ్ళు ఈ మాటను పట్టించుకోనక్కర లేదు, వెనక దీపం ఎలాగూ ఆగదు. ఓ.ఎల్.ఇ.డి. వాళ్ళకు మాత్రం ఇది నిజమే. అయితే ఎంత నిజం అనేది తెర వెలుగును బట్టి ఉంటుంది.

అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో ఈ విషయాన్ని కొలిచి చూపించారు. నాలుగు ఓ.ఎల్.ఇ.డి. ఫోన్లు, అందరూ వాడే ఆరు యాప్‌లు తీసుకున్నారు. తెర వెలుగు పూర్తిగా, అంటే 100 శాతం ఉన్నప్పుడు తెల్ల పేజీ నుంచి నల్ల పేజీకి మారితే సగటున 39 నుంచి 47 శాతం కరెంటు ఆదా అయింది. వెలుగు 30 నుంచి 50 శాతం మధ్య ఉన్నప్పుడు ఆదా అయింది సగటున 3 నుంచి 9 శాతమే. గది లోపల మనం వాడేది ఈ రెండో స్థాయి.

దీన్ని లెక్కలో చూద్దాం. 5000 ఎం.ఎ.హెచ్. బ్యాటరీ, వోల్టేజి 3.85. రెండూ గుణిస్తే సుమారు 19.25 వాట్-అవర్లు. ఇక ముందువి లెక్క కోసం నేను అనుకున్న అంకెలు. గది లోపల తెల్ల పేజీ చదువుతుంటే ఫోన్ మొత్తం 1.5 వాట్లు తీసుకుంటోంది అనుకుందాం. 19.25ను 1.5తో భాగిస్తే సుమారు 12 గంటల 50 నిమిషాలు. నల్ల పేజీ పెట్టి 6 శాతం ఆదా చేస్తే 1.41 వాట్లు, అంటే సుమారు 13 గంటల 40 నిమిషాలు. బ్యాటరీ మొత్తం మీద మిగిలింది 50 నిమిషాలు.

అదే ఎండలో బస్టాపులో నిలబడి, తెర వెలుగు పూర్తిగా పెంచితే 2.5 వాట్లు అనుకుందాం. తెల్ల పేజీతో 7 గంటల 40 నిమిషాలు వస్తుంది. 40 శాతం ఆదా అయితే 1.5 వాట్లు, అంటే 12 గంటల 50 నిమిషాలు. ఇక్కడ తేడా అయిదు గంటలకు పైనే.

మరి రాత్రి రెండు గంటల చదువుకు? మొదటి లెక్క ప్రకారం గంటకు 0.09 వాట్-అవర్ చొప్పున రెండు గంటలకు 0.18 మిగులుతుంది. 19.25లో అది ఒక్క శాతం కూడా కాదు. మనం రాత్రి పెట్టుకునే వెలుగు ఇంకా తక్కువ కాబట్టి ఆ మాత్రం కూడా మిగలకపోవచ్చు. కనుక రాత్రి చదువుకు తెల్ల పేజీయా, నల్ల పేజీయా అన్నది చార్జింగ్ కోసం కాక మీ కళ్ళకు ఏది హాయిగా ఉందో చూసుకుని తేల్చుకోండి. మామూలు వెలుగులో తెల్ల పేజీ మీద నల్ల అక్షరాలే చాలామందికి స్పష్టంగా కనిపిస్తాయి. కంటిపాప చిన్నదై, చూపు గురి కుదరడమే దీనికి కారణం. నల్ల పేజీకి కంటిపాప పెద్దదవుతుంది. ఆస్టిగ్మాటిజం, అంటే కంటిపొర వంపులో తేడా ఉన్నవాళ్ళకు అప్పుడు తెల్ల అక్షరాలు చెదిరినట్లు, చుట్టూ మసక పట్టినట్లు కనిపిస్తాయి. నల్ల పేజీ మీ కళ్ళకు పడకపోతే వదిలేయండి, నష్టం ఒక్క శాతమే.

మొదటి హెర్ట్జ్: బొమ్మ మారే వేగం

ఇప్పుడు డబ్బా మీద ఉండే హెర్ట్జ్ సంగతి. తెర మీది బొమ్మను ఫోన్ సెకనుకు ఎన్నిసార్లు కొత్తగా రాస్తుందో అదే రిఫ్రెష్ రేటు. 60 హెర్ట్జ్ అయితే ప్రతి 16.7 మిల్లీసెకన్లకు ఒక బొమ్మ, 120 అయితే ప్రతి 8.3 మిల్లీసెకన్లకు ఒకటి. వేలితో పేజీని పైకి జరిపేటప్పుడు 120లో అక్షరాలు వేలి వెంట నున్నగా జారతాయి. ఆటల్లో కూడా తేడా తెలుస్తుంది. సినిమాను సెకనుకు 24 బొమ్మలతో తీస్తారు. 120ని 24 సరిగ్గా భాగిస్తుంది, 60ని భాగించదు. అందుకే కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాలు 120లో కాస్త కుదురుగా ఉంటాయి. లాభం ఇంతే. పేజీ కదలకుండా ఉన్నప్పుడు సెకనుకు 60 సార్లు రాసినా, 120 సార్లు రాసినా రాసేది అదే పేజీ. కంటికి చేరేదీ అదే పేజీ. మనం చదివే సమయంలో ఎక్కువ భాగం పేజీ కదలదు కదా!

ఖర్చు మాత్రం ఉంటుంది. పేజీ జరుపుతున్నప్పుడు ప్రాసెసర్ రెండింతల బొమ్మలు గీయాలి, తెర నడిపే చిప్ రెండింతల సార్లు వరసలన్నీ రాయాలి. కదలని పేజీకి గీసే పని లేకపోయినా, తిరిగి రాసే పని తప్పదు. ఎందుకంటే ప్రతి పిక్సెల్ వెనకాల ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. 'ఇంత వెలుగు' అనే సమాచారాన్ని అది చార్జి రూపంలో పట్టి ఉంచుతుంది. పక్కనున్న ట్రాన్సిస్టర్ నుంచి ఆ చార్జి మెల్లగా కారిపోతుంటుంది. చిల్లు కుండలో నీళ్ళలాగా, ఖాళీ కాకముందే మళ్ళీ నింపాలి. మామూలు తెరల్లో ఈ కారుడు ఎక్కువ కనుక వేగాన్ని బాగా తగ్గించడం కుదరదు, చాలావాటికి 60 దగ్గరే ఆగాలి.

ఖరీదైన ఫోన్లలో ఎల్.టి.పి.ఒ. అనే తెర వస్తుంది. అందులో చార్జి పట్టే చోట ఆక్సైడ్ ట్రాన్సిస్టర్ వాడతారు. దాని నుంచి కారేది చాలా తక్కువ. కుండకు చిల్లు దాదాపు లేనట్లే. కాబట్టి కదలని పేజీకి 10 హెర్ట్జ్‌కు, కొన్నింటిలో 1 హెర్ట్జ్‌కు కూడా దిగగలదు. ఐఫోన్ 13 ప్రోలో 2021లో వచ్చిన తెర 10 నుంచి 120 మధ్య మారుతుంది. మన బడ్జెట్లో దొరికే 90, 120 హెర్ట్జ్ ఫోన్లలో ఎక్కువ భాగం ఈ రకం కావు. చార్జింగ్ పాయింటు కోసం వరుసలో నిలబడే రోజుల్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి 60 పెట్టుకోండి. చదువుకు ఏ లోటూ రాదు. సెలవుల్లో ఆట ఆడుకోవాలంటే మళ్ళీ 120.

షాపతని మాటకు ఒక ఆధారం ఉందని ఒప్పుకోవాలి. పేజీ జారేటప్పుడు 120లో అక్షరాలు తక్కువగా చెదురుతాయి. ఫోన్‌ను ఎప్పుడూ జరుపుతూ చూసేవాళ్ళకు అది హాయిగానే ఉంటుంది. అయితే దుప్పటి కింద తలనొప్పికి అది మందు కాదు.

రెండో హెర్ట్జ్: వెలుగు ఆరి వెలిగే వేగం

తెర వెలుగును తగ్గించాలంటే ఏం చేయాలి? కరెంటు తగ్గించాలి అంటారు. ఓ.ఎల్.ఇ.డి.లో అది కొంతవరకే కుదురుతుంది. కరెంటు మరీ చిన్నదైతే లక్షల పిక్సెల్‌లలో ఒక్కోదానికి ఒక్కో తేడా వస్తుంది. తెర మచ్చలు మచ్చలుగా, కొన్నిచోట్ల ఆకుపచ్చగా కనిపిస్తుంది. అందుకని తయారీదారులు చాలా ఫోన్లలో ఒక ఉపాయం పెట్టారు. ఒక స్థాయి కంటే వెలుగు తగ్గించినప్పుడు పిక్సెల్‌ను పూర్తిగా ఆర్పి, మళ్ళీ వెలిగిస్తారు. సెకనుకు కొన్ని వందలసార్లు ఇలా జరుగుతుంది. వెలిగి ఉండే సమయం ఎక్కువైతే తెర ప్రకాశంగా, ఆరి ఉండే సమయం ఎక్కువైతే మందంగా కనిపిస్తుంది. కన్ను వాటిని కలిపేసుకుని 'మసక వెలుగు' అనుకుంటుంది. దీనిని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు, పొట్టిగా పి.డబ్ల్యు.ఎం. ఇంజనీరింగ్ చెల్లెళ్ళకు ఇది తెలిసిన పేరే. ఇది 240 హెర్ట్జ్ ఉన్న ఫోన్లు ఉన్నాయి, 480 ఉన్నవి ఉన్నాయి. ఈ మధ్య కొన్ని కంపెనీలు 1920, 2160, 3840 దాకా పెంచి ఆ సంగతి గొప్పగా చెప్పుకుంటున్నాయి.

అంటే వెలుగు ఎంత తగ్గిస్తే మిణుకు అంత లోతుగా ఉంటుంది. మనం దుప్పటి కింద చేసేది సరిగ్గా అదే! పైగా చుట్టూ వేరే వెలుగు లేదు, కన్ను చూసేదంతా ఆ మిణుకే.

కంటికి కనిపించనిది కంటిని ఎలా బాధిస్తుంది? దీనికి పాత ట్యూబ్‌లైట్లు మంచి ఉదాహరణ. మన కరెంటు 50 హెర్ట్జ్. ఒక్కో ఆవృత్తిలో కరెంటు రెండుసార్లు గరిష్టానికి చేరుతుంది కాబట్టి చోక్, స్టార్టర్ ఉన్న పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్, ఆయన సహచరులు 1989లో ప్రచురించిన ఒక పరిశోధన ఉంది. ఒక కార్యాలయంలో కొంతకాలం చోక్ ట్యూబ్‌లైట్లు, కొంతకాలం 32,000 హెర్ట్జ్ దగ్గర నడిచే ఎలక్ట్రానిక్ చోక్ ట్యూబ్‌లైట్లు పెట్టారు. మొదటిదానిలో 100 హెర్ట్జ్ మిణుకు లోతు 43 నుంచి 49 శాతం ఉంది, రెండోదానిలో 7 శాతం కంటే తక్కువ. ఎప్పుడు ఏ లైటు ఉందో పనిచేసేవాళ్ళకు తెలియదు. ఏ వారం ఎన్నిసార్లు తలనొప్పి వచ్చిందో రాసుకున్నారు. వేగంగా నడిచే లైట్ల కింద తలనొప్పి, కళ్ళ అలసట సగటున సగానికంటే ఎక్కువగా తగ్గాయి. మిణుకు ఎవరి కంటికీ కనిపించేది కాదు, అయినా తేడా వచ్చింది. కిటికీల నుంచి పగటి వెలుగు బాగా వచ్చే పై అంతస్తుల గదుల్లో తలనొప్పులు తక్కువగా ఉన్నాయని కూడా గమనించారు.

'మిణుకు లోతు' అన్నాను కదా, దానికి సూత్రం తేలిక. గరిష్ట వెలుగు నుంచి కనిష్ఠ వెలుగు తీసివేసి, ఆ రెండింటి మొత్తంతో భాగించి, 100తో గుణించాలి. పూర్తిగా ఆరి వెలిగేదానికి లోతు 100 శాతం. ఐ.ఇ.ఇ.ఇ. అనే ఇంజనీర్ల సంస్థ ఎల్.ఇ.డి. దీపాల కోసం 2015లో ఒక సిఫారసు ఇచ్చింది. 90 హెర్ట్జ్ దాటిన మిణుకు అయితే, దాని వేగాన్ని 0.08తో గుణిస్తే వచ్చే శాతం లోపు లోతు ఉంటే ముప్పు తక్కువ అని. 100 హెర్ట్జ్‌కు అది 8 శాతం. పాత ట్యూబ్‌లైటు దానికి అయిదారు రెట్లు ఉంది చూడండి. 240కి 19.2 శాతం, 480కి 38.4 శాతం. 1250 హెర్ట్జ్‌కు లెక్క సరిగ్గా 100 శాతానికి వస్తుంది, అంటే ఆ వేగం దాటితే పూర్తిగా ఆరి వెలిగినా పరవాలేదన్నమాట. ఇది గది దీపాలకు చెప్పిన లెక్క. చేతిలోని చిన్న తెరకు అచ్చంగా వర్తించదు, అందాజు కోసం మాత్రమే వాడుకోవాలి. ఆ అందాజులోనే 240 హెర్ట్జ్ తెర, పూర్తిగా ఆరి వెలిగేటప్పుడు, గీతకు చాలా పైన ఉంది.

ఇది అందరినీ బాధించదని మరచిపోకండి. పక్క మంచం అమ్మాయి అదే ఫోన్‌ను రోజూ వాడి హాయిగా ఉండవచ్చు. మీకు తలనొప్పి వస్తే అది మీ ఊహ అనడానికీ లేదు, ఆమెకు రాలేదు కాబట్టి ఫోన్ మంచిదనడానికీ లేదు.

చీపురుపుల్లతో పరీక్ష

కొనే ముందు దీన్ని ఎలా తెలుసుకోవాలి? పరికరం అక్కర లేదు, ఒక చీపురుపుల్ల చాలు. గది చీకటిగా ఉంచి, ఫోన్‌లో తెల్లటి పేజీ పెట్టి, మీరు రాత్రి వాడే స్థాయికి వెలుగు తగ్గించండి. ఫోన్‌ను అడ్డంగా నిలబెట్టండి. తెరకు జానెడు ముందు పుల్లను నిలువుగా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు విసనకర్రలా వేగంగా ఊపండి. పుల్ల వైపు కాకుండా తెర వైపు చూడండి. మిణుకు లేకపోతే పుల్ల నీడ పొగలా అలుక్కుపోయి కనిపిస్తుంది. మిణుకు ఉంటే దువ్వెన పళ్ళలా విడివిడి పుల్లలు కనిపిస్తాయి.

కారణం ఇది. మీ చెయ్యి సెకనుకు 2 మీటర్ల వేగంతో కదిలిందనుకోండి. 240 హెర్ట్జ్ తెర సెకనుకు 240 సార్లు వెలుగుతుంది. 2000 మిల్లీమీటర్లను 240తో భాగిస్తే ఒక్కో మెరుపుకు పుల్ల సుమారు 8 మిల్లీమీటర్లు జరుగుతుంది. పుల్ల మందం ఒకటి రెండు మిల్లీమీటర్లే కనుక నీడలు విడిగా తెలుస్తాయి. 15 సెంటీమీటర్ల తెర మీద పదిహేడు, పద్దెనిమిది పుల్లలు! 2000 హెర్ట్జ్ అయితే జరిగేది ఒక్క మిల్లీమీటరు, నీడలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి పుల్లలు ఎంత ఎడంగా కనిపిస్తే మిణుకు అంత నెమ్మది. నెమ్మదైనదే ఎక్కువ ఇబ్బంది.

షాపులో పుల్ల ఊపడానికి మొహమాటమైతే ఇంకో దారి ఉంది. రెండో ఫోన్ కెమెరాలో ప్రో మోడ్ తెరిచి, షట్టర్‌ను 1/2000 పెట్టి, వెలుగు తగ్గించిన తెరను చూడండి. నల్లటి వెడల్పు చారలు కదులుతూ కనిపిస్తే మిణుకు ఉన్నట్లే. ఎల్.సి.డి. ఫోన్లనూ పరీక్షించండి. వాటిలో చాలావరకు చారలు ఉండవు గానీ, బ్యాక్‌లైట్‌ను ఇలాగే ఆర్పి వెలిగించే ఫోన్లు కొన్ని ఉన్నాయి. పాత ఓ.ఎల్.ఇ.డి. ఫోన్ కొనేవాళ్ళు ఇంకొకటి చూడాలి. బూడిద రంగు బొమ్మను తెర నిండా పెట్టండి. కింద కీబోర్డు ఆకారమో, పైన గడియారం, నెట్‌వర్క్ గుర్తుల ఆకారమో మచ్చగా కనిపిస్తే అక్కడి పిక్సెల్‌లు అరిగిపోయాయి. అది బాగుకాదు, తెర మార్చాల్సిందే.

మిణుకున్న ఫోన్ చేతిలో ఉంటే

ఇప్పటికే ఫోన్ కొనేసినవాళ్ళు దిగులు పడక్కర లేదు. చీపురుపుల్ల ఊపుతూనే తెర వెలుగును కొంచెం కొంచెం పెంచండి. కొన్ని ఫోన్లలో ఒక చోటికి రాగానే విడివిడి పుల్లలు మాయమై పొగలా అలుక్కుపోతుంది. అక్కడి నుంచి ఫోన్ కరెంటునే తగ్గిస్తోంది, ఆర్పడం లేదు. ఆ చోటు గుర్తు పెట్టుకుని, వెలుగు పట్టీని దానికంటే కిందికి దించకండి. ఆ వెలుగు రాత్రికి ఎక్కువైతే, ఆండ్రాయిడ్ 12 నుంచి చాలా ఫోన్లలో Extra dim అనే మీట ఉంది. ఐఫోన్‌లో Reduce White Point అని ఉంటుంది. ఇవి తెరను ఆర్పి వెలిగించే పని చేయవు. బొమ్మలోని తెలుపునే బూడిదగా మార్చి తెరకు పంపుతాయి. కంటికి చేరే వెలుగు తగ్గుతుంది, మిణుకు పెరగదు. ఇలా చేస్తే రంగులు కాస్త చప్పగా ఉంటాయి. పి.డి.ఎఫ్. చదవడానికి రంగులతో పనేముంది? ఎల్.సి.డి. ఫోన్లో మాత్రం ఈ పద్ధతి దండగ. బ్యాక్‌లైట్‌ను ఎక్కువగా వెలిగించి, ముందు రెక్కలు మూసినట్లవుతుంది. అక్కడ వెలుగు పట్టీనే తగ్గించుకోండి.

ఏ మోడల్లోనైనా సెట్టింగ్స్‌లో DC dimming అని గానీ, Anti-flicker అని గానీ ఉంటే ఆన్ చేసి, మళ్ళీ పుల్లతో చూడండి. పేరు చూసి నమ్మడం కంటే పుల్లను నమ్మడం మేలు. ఏ స్థాయిలోనూ పుల్లలు మాయం కాని ఫోన్లు కూడా ఉన్నాయి. అలాంటివాళ్ళు లైట్లు ఆర్పాక మంచం మీద చదవడం మాని, స్టడీ హాల్లో లైటు కింద తెర వెలుగు పెంచుకుని చదవాలి. చార్జింగ్ కొంచెం ఎక్కువ అవుతుంది, ఆ ఖర్చు సరైనదే.

కళ్ళు మండటం, ఇసుక పడ్డట్లు ఉండటం వేరే సంగతి. తెర చూసేటప్పుడు మనం రెప్ప వేయడం బాగా తగ్గిపోతుంది, కన్ను ఎండిపోతుంది. ఎల్.సి.డి. అయినా, ఓ.ఎల్.ఇ.డి. అయినా ఇంతే. పేజీ తిప్పిన ప్రతిసారీ కావాలని రెండుసార్లు రెప్ప వేయండి, ఫోన్‌ను మోచేతి దూరం కంటే దగ్గరకు తేకండి. నీలి వెలుగు ఫిల్టర్ తెరను పసుపుగా చేస్తుంది గానీ, కన్ను ఎండటాన్నీ ఆపదు, మిణుకునూ ఆపదు.

తలనొప్పి పుస్తకం చదివినా వస్తోందంటే అది ఫోన్ తప్పు కాదు. ముందు ప్రభుత్వాసుపత్రిలో కంటి పరీక్ష చేయించుకుని, అద్దాలు కావాలేమో చూసుకోండి. పగలు ఫోన్ చూస్తే రాకుండా, రాత్రి వెలుగు తగ్గించి చూస్తేనే వస్తోందంటే మిణుకును అనుమానించాలి. తేల్చుకోవడానికి విల్కిన్స్ పద్ధతినే మన గదిలో చేయవచ్చు. మీ స్నేహితురాలిని రోజూ రాత్రి మీ ఫోన్ అడిగి తీసుకోమనండి. కొన్ని రాత్రులు ఆమె వెలుగు పట్టీని బాగా కిందికి దించి ఇవ్వాలి. కొన్ని రాత్రులు పట్టీని పైన ఉంచి, Extra dim తో అంతే మసకగా చేసి ఇవ్వాలి. ఏ రాత్రి ఏది పెట్టిందో మీకు చెప్పకూడదు, తన నోట్‌బుక్‌లో రాసుకోవాలి. మీరు సెట్టింగ్స్ తెరవకుండా, రోజూ ఒకే సమయం చదివి, ఉదయం లేవగానే తలనొప్పి ఉందా లేదా అని మీ నోట్‌బుక్‌లో రాయండి. కనీసం పద్నాలుగు రాత్రులు కావాలి, రెండు రకాలూ ఏడేసి. నెలసరి రోజులు, పరీక్ష ముందు నిద్ర తక్కువైన రోజులు వేరే గుర్తుతో రాయండి, ఆ తలనొప్పులకు కారణం వేరే కావచ్చు. పద్నాలుగో ఉదయం రెండు నోట్‌బుక్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. పట్టీ కిందికి దించిన ఏడు రాత్రుల్లో అయిదారుసార్లు, రెండో రకంలో ఒకటి రెండుసార్లు వచ్చి ఉంటే కారణం చాలావరకు దొరికినట్లే. రెండింటిలోనూ మూడు నాలుగేసి ఉంటే తెరను వదిలేసి నిద్ర వైపు, అద్దాల వైపు చూడండి.